జబ్బు పేరు తెలిసింది, ఇప్పుడేం చేయాలి?

26 ఏళ్ల మహిళ. ఆఖరిసారి నెలసరి వచ్చి ఏడు వారాలైంది. నిన్నటి నుంచి కుడివైపు పొత్తికడుపులో నొప్పి, కొద్దికొద్దిగా రక్తపు మరకలు. ఈ పొద్దున మంచం మీంచి లేవబోతే కళ్లు తిరిగి పడిపోయింది. క్యాజువాలిటీకి తెచ్చేసరికి బీపీ 84/50, పల్స్ నిమిషానికి 128. ఒళ్లు పాలిపోయి చెమటలు పోస్తున్నాయి. కడుపు గట్టిగా బిగుసుకుపోయి ఉంది, చెయ్యి వేయనివ్వడం లేదు. యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్. రెండు చేతులకూ లావు కాన్యులాలు పెట్టి సెలైన్ ఎక్కిస్తున్నారు, రక్తం కోసం బ్లడ్ బ్యాంకుకు కబురు వెళ్లింది. ఇప్పుడు చేయవలసిన సరైన పని ఏది? రక్తంలో బీటా హెచ్‌సీజీ ఎంతుందో చూడటమా, ట్రాన్స్‌వజైనల్ స్కాన్ తీయించడమా, మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇవ్వడమా, వెంటనే ఆపరేషన్‌కు తీసుకెళ్లడమా?

ఎంబీబీఎస్ పూర్తి చేసి పీజీ సీటు కోసం చదివే పిల్లలకు ఇలాంటి ప్రశ్నలు నిత్యం ఎదురవుతాయి. నీట్ పీజీలో 200 ప్రశ్నలకు మూడున్నర గంటలు ఇస్తారు. అంటే ఒక్కో ప్రశ్నకు సగటున 63 సెకన్లు. తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. అమెరికాలో రెసిడెన్సీకి వెళ్లాలనుకునే మన పిల్లలు రాసే యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 2 సీకే పరీక్షలోనైతే రోజంతా ఇలాంటి కథలే చదవాలి. రోగి వయసు, బాధ, బీపీ, పరీక్షల ఫలితాలు ఒక పేరాలో చెప్పి, చివర ‘నెక్స్ట్ బెస్ట్ స్టెప్ ఏమిటి’ అని అడుగుతారు. ఆ పరీక్ష నిర్వాహకులు ప్రకటించిన విషయసూచికలో రోగనిర్ధారణ ఒక నైపుణ్యంగా, చికిత్సను నడిపించడం మరో నైపుణ్యంగా విడివిడిగా ఉంటాయి. ఆ విభజన ఊరికే పెట్టింది కాదు.

పైన చెప్పిన ఆమె జబ్బు ఏమిటో మూడో ఏడాది విద్యార్థి కూడా చెప్పగలడు. ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ. గర్భసంచిలో నాటుకోవలసిన పిండం మరోచోట నాటుకుంది. నూటికి తొంభైకి పైగా కేసుల్లో ఆ మరోచోటు ఫెలోపియన్ ట్యూబే. గర్భసంచికున్న సాగే గుణం ట్యూబుకు లేదు. పిండం పెరిగేకొద్దీ ట్యూబు గోడ చిట్లుతుంది, రక్తం కడుపులోకి కారుతుంది. ఇక్కడి దాకా అందరికీ తెలుసు. అయినా ఈ ప్రశ్నకు బాగా చదివిన పిల్లలే చాలామంది ‘ట్రాన్స్‌వజైనల్ స్కాన్’ అని గుర్తు పెట్టి వస్తారు. ఎందుకని అడిగితే, ఎక్టోపిక్‌కు మేలైన పరీక్ష అదే కదా అంటారు. నిజమే, మేలైన పరీక్ష అదే. అయితే ప్రశ్న అడిగింది మేలైన పరీక్ష గురించి కాదు, ఈ మనిషికి ఈ నిమిషాన ఏం చేయాలన్నది.

నా అభిప్రాయంలో ఈ రకం ప్రశ్నల్లో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పోతాయి. జబ్బు పేరు కనుక్కోవడంతో పని అయిపోయిందనుకుని, ఆ పేరు కింద పుస్తకంలో చదివిన వాటిలో బాగా గుర్తున్నదాన్ని ఎంచుకుంటారు. జబ్బు పేరు ఒక పొడవాటి దారికి పేరు. ఆ దారిలో అనుమానించడం, తేల్చుకోవడం, ఎంత ముదిరిందో చూడటం, చికిత్స మొదలుపెట్టడం, పనిచేస్తోందా లేదా అని కనిపెట్టడం వరసగా ఉంటాయి. రోగి ఇప్పుడు ఆ దారిలో ఎక్కడుందో ప్రశ్నలోని వివరాలు చెబుతాయి, జవాబు అక్కడి నుంచి ఒక్క అడుగు ముందుంటుంది. రెండడుగులు ముందున్నదీ తప్పే, ఇప్పటికే వేసేసిన అడుగూ తప్పే.

కాబట్టి మన కేసుకు జవాబు ఆపరేషన్. ఎందుకో చూడటానికి ఒక మంచి పద్ధతి ఉంది. ప్రతి ఆప్షన్‌నూ తీసుకుని, దాని ఫలితం ఎటు వచ్చినా మనం చేసే పని మారుతుందా అని అడగాలి. బీటా హెచ్‌సీజీ 1,200 వచ్చిందనుకోండి, ఆపరేషనే. 12,000 వచ్చినా ఆపరేషనే. మరి ఆ రిపోర్టు కోసం ఆగడమెందుకు? స్కాన్ గదికి తీసుకెళ్లి ట్యూబు పక్కన గడ్డ కనిపించినా ఆపరేషనే. గడ్డ సరిగా కనిపించకపోయినా, కడుపు నిండా రక్తంతో బీపీ 84లో ఉన్న గర్భిణిని కడుపు తెరిచి చూడక తప్పదు. ఫలితం ఏదైనా పని మారనప్పుడు ఆ పరీక్ష వల్ల వచ్చేది ఆలస్యమే. మెథోట్రెక్సేట్ సంగతి వేరు. అది ఎక్టోపిక్‌కు నిజమైన చికిత్సే, కానీ పనిచేయడానికి రోజులు పడుతుంది, కారుతున్న రక్తాన్ని ఆపలేదు.

ప్రశ్నలో ‘రెండు చేతులకూ కాన్యులాలు పెట్టి సెలైన్ ఎక్కిస్తున్నారు’ అన్న వాక్యం ఉంది చూశారా, చాలామంది దాన్ని అలంకారంగా చదివి దాటేస్తారు. ఆ వాక్యం తీసేసి, ఆప్షన్లలో ‘ఐవీ ఫ్లూయిడ్లు మొదలుపెట్టడం’ చేర్చితే జవాబు అదే అవుతుంది. శ్వాస, రక్తప్రసరణ నిలబెట్టడం ఎప్పుడూ ముందుంటుంది. జబ్బు మారలేదు, మనిషి మారలేదు, ఒక్క వాక్యం పోతే సరైన అడుగు మారిపోయింది. ఇప్పటికే ఏం చేశారో చెప్పే వాక్యాలను అందుకే గీత గీసుకుని చదవాలి.

ఇప్పుడు అదే మహిళను వేరే స్థితిలో ఊహించుకుందాం. అదే వయసు, అవే ఏడు వారాలు, అదే కుడివైపు నొప్పి, అవే మరకలు. కానీ నడిచి ఓపీకి వచ్చింది. బీపీ 118/76, పల్స్ 82. కడుపు మెత్తగానే ఉంది, కుడివైపు నొక్కితే కొంచెం నొప్పి. యూరిన్ టెస్ట్ గురించి ప్రశ్నలో ఒక్క మాట లేదు. ఆప్షన్లలో కడుపు సీటీ స్కాన్, ట్రాన్స్‌వజైనల్ స్కాన్, యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్, అపెండిక్స్ ఆపరేషన్ ఉన్నాయి. జవాబు యూరిన్ టెస్ట్. నిమిషాల్లో తేలే, ఖర్చులేని ఆ పరీక్ష మీదే మిగతా దారంతా ఆధారపడి ఉంది. పాజిటివ్ అయితే స్కాన్ వైపు, నెగటివ్ అయితే అపెండిక్స్, అండాశయపు తిత్తి వంటి వాటి వైపు ఆలోచన వెళుతుంది. గర్భం ఉందో లేదో చూడకుండా సీటీకి పంపడం ప్రశ్నపత్రంలో తప్పు, వార్డులో మరింత పెద్ద తప్పు. నెలసరి సరిగ్గానే వస్తోందని, పెళ్లి కాలేదని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందని చెప్పినా ఈ టెస్ట్ చేయాలి. ట్యూబులు కట్టిన ఆడవాళ్లలో గర్భం రావడం అరుదు, కానీ వస్తే అది ట్యూబులో వచ్చే అవకాశం ఎక్కువ.

టెస్ట్ పాజిటివ్ అని తేలాక, ఆమె స్థిమితంగానే ఉంటే, ట్రాన్స్‌వజైనల్ స్కాన్‌కు ఇప్పుడు సమయం వచ్చింది. మొదటి కేసులో ప్రమాదకరమైన జవాబే ఇక్కడ సరైన జవాబు. రెండింటి మధ్య తేడా రెండు అంకెల్లో ఉంది, బీపీలో, పల్స్‌లో. ఈ అంకెలను చదవడంలోనూ ఒక మెలిక ఉంది. వయసులో ఉన్నవాళ్ల రక్తనాళాలు గట్టిగా బిగుసుకుని బీపీని చాలాసేపు నిలబెడతాయి. ఒంట్లో రక్తం దాదాపు మూడో వంతు పోయేదాకా పై బీపీ పడిపోకపోవచ్చు. ముందు పెరిగేది పల్స్. కాబట్టి ‘బీపీ 108/80, పల్స్ 122, కుడి భుజం పైన నొప్పి’ అని రాసి ఉంటే ఆమె స్థిమితంగా ఉందనుకోకూడదు. కడుపులో చేరిన రక్తం డయాఫ్రమ్‌ను తాకితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. ప్రశ్న రాసేవాళ్లు అలాంటి వివరం పెట్టారంటే లోపల రక్తం కారుతోందని చెబుతున్నట్టే.

స్కాన్‌లో అన్నీ తేలిపోతే బాగుండేది, కానీ చాలాసార్లు తేలదు. గర్భసంచిలో ఏమీ లేదు, ట్యూబు దగ్గరా ఏమీ లేదు, బీటా హెచ్‌సీజీ 900. ఆమె స్థిమితంగానే ఉంది. ఇప్పుడేం చేయాలి? ఇక్కడ చదువుకున్న పిల్లలను రెండు భయాలు చెరోవైపు లాగుతాయి. ఎక్టోపిక్ కావచ్చు కదా, మెథోట్రెక్సేట్ ఇచ్చేద్దామన్నది ఒకటి. ఏమీ కనబడలేదు కదా, ఇంటికి పంపేద్దామన్నది మరొకటి. రెండూ తప్పే. 900 దగ్గర మామూలు గర్భమైనా స్కాన్‌లో కనిపించకపోవచ్చు, ఇంకా అంత చిన్నది. బహుశా ఆమె ఎంతో కాలంగా ఎదురుచూస్తున్న బిడ్డ కావచ్చు. మెథోట్రెక్సేట్ ఇస్తే ఆ బిడ్డను మనమే పోగొట్టినట్టు. సరైన అడుగు 48 గంటల తరువాత బీటా హెచ్‌సీజీ మళ్లీ చూడటం, ఈలోగా నొప్పి పెరిగినా కళ్లు తిరిగినా వెంటనే రమ్మని చెప్పి పంపడం. ఆగి చూడటం కూడా ఒక అడుగే. దాన్ని చేతకానితనంగా అనుకునే విద్యార్థి ఈ ప్రశ్న తప్పుతాడు.

48 గంటల తరువాత వచ్చే అంకెను చదవడానికీ ఒక లెక్కుంది. మొదటి అంకె 1,500 లోపు ఉంటే, బతికే గర్భంలో రెండు రోజుల్లో అది కనీసం 49 శాతం పెరుగుతుందని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. అంటే 900 అన్నది 1,340 దాటాలి. 1,050 దగ్గరే ఆగితే గర్భం సరిగా పెరగడం లేదన్నది దాదాపు ఖాయం. అది గర్భసంచిలోనే పాడైందా, ట్యూబులో ఉందా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. 1,800కు చేరితే మంచి సూచనే, కానీ అంతటితో ఎక్టోపిక్ కాదని చెప్పలేం. కొన్ని ఎక్టోపిక్‌లలో కూడా మొదట్లో అంకె బాగానే పెరుగుతుంది. మళ్లీ స్కాన్ చేసి చూడాల్సిందే.

ఏ అంకె దాటాక గర్భసంచిలో గర్భం కనిపించి తీరాలి అన్న చోట పుస్తకాల మధ్య తేడా ఉంది. పాత పుస్తకాలు 1,500 నుంచి 2,000 అన్నాయి. పైన చెప్పిన సంఘమే ఆ హద్దు వాడేటట్టయితే 3,500 దాకా పెట్టుకోమంది. కవలలున్న తల్లుల్లో అంకె ఎక్కువగా ఉండి, స్కాన్‌లో ఇంకా ఏమీ కనబడకపోవచ్చు. పాత హద్దును పట్టుకుని తొందరపడితే మామూలు గర్భాన్ని పోగొట్టే ప్రమాదం ఉంది. విద్యార్థి తాను చదివే పుస్తకం ఏ సంవత్సరానిదో చూసుకోవలసింది ఇలాంటి చోట్లే. బాగా రాసిన ప్రశ్న 1,800, 2,500 వంటి తగువు అంకెలు ఇవ్వదు. 900 అనో, 6,000 అనో ఇస్తుంది, ఏ పుస్తకం ప్రకారమైనా జవాబు ఒకటే వచ్చేలా.

మరో స్థితి. స్కాన్‌లో గర్భసంచి ఖాళీ. కుడి ట్యూబు దగ్గర రెండున్నర సెంటీమీటర్ల గడ్డ, అందులో యోక్ శాక్ స్పష్టంగా ఉంది, గుండె కొట్టుకోవడం లేదు. బీటా హెచ్‌సీజీ 2,400. బీపీ, పల్స్ బాగున్నాయి, నొప్పి తక్కువే. ఎక్టోపిక్ అన్నది ఇక అనుమానం కాదు. మందుతో తగ్గించదగ్గ రకం కూడా. ఆప్షన్లలో మెథోట్రెక్సేట్ కనిపించగానే చేయి అటు వెళుతుంది. కానీ పక్కనే ‘సీబీసీ, క్రియాటినిన్, లివర్ పరీక్షలు’ అని ఇంకో ఆప్షన్ ఉంది, ఈ పరీక్షల ఫలితాలు ప్రశ్నలో ఎక్కడా ఇవ్వలేదు. జవాబు ఆ పరీక్షలే. మెథోట్రెక్సేట్ వేగంగా విభజన చెందే కణాలను ఆపుతుంది. ట్యూబులోని గర్భపు కణాలతో పాటు ఎముక మజ్జ మీదా దాని దెబ్బ పడుతుంది. ఒంట్లోంచి బయటికి పోయేది ముఖ్యంగా మూత్రపిండాల ద్వారా. కిడ్నీ సరిగా లేని మనిషికి ఇస్తే మందు పేరుకుపోయి తెల్లకణాలు పడిపోతాయి. ఇందాకటి పద్ధతే ఇక్కడా పెట్టి చూడండి. క్రియాటినిన్ మామూలుగా వస్తే మందు ఇస్తాం, బాగా ఎక్కువగా వస్తే మందు మానేసి ఆపరేషన్ వైపు వెళతాం. ఫలితాన్ని బట్టి పని మారుతోంది కాబట్టి ఈ పరీక్ష చేయాలి. మొదటి కేసులో జబ్బు పూర్తిగా రుజువు కాకుండానే ఆపరేషన్‌కు వెళ్లాం, ఇక్కడ జబ్బు రుజువైనా మందు ముందు ఆగాం. నిర్ధారణ, నిర్వహణ రెండూ వేర్వేరు గీతల మీద నడుస్తాయన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ పరీక్షలన్నీ మామూలుగా వచ్చాయి అని చెప్పి, ఇంకొక్క వాక్యం చేర్చారనుకోండి. ఆమె ఊరు ఆసుపత్రికి 120 కిలోమీటర్లు, రోజుకు ఒకే బస్సు, వారంలో మళ్లీ రావడం కుదరదంటోంది. మెథోట్రెక్సేట్ ఇచ్చాక నాలుగో రోజు, ఏడో రోజు రక్తం చూడాలి. ఆ మధ్య అంకె కనీసం 15 శాతం తగ్గాలి. తగ్గకపోతే మళ్లీ డోసు గానీ, ఆపరేషన్ గానీ అవసరమవుతుంది. మందు ఇచ్చాక కూడా ట్యూబు చిట్లవచ్చు. ఇంటి దగ్గర రాత్రిపూట చిట్లితే 120 కిలోమీటర్లు ఎవరు తీసుకొస్తారు? అందుకని ఈ ప్రశ్నకు జవాబు ల్యాప్రోస్కోపీ ఆపరేషన్. ఆమె జబ్బు గురించి బస్సు ఏమీ చెప్పదు, ఆమె చికిత్స గురించి మాత్రం చాలా చెబుతుంది. వైద్య వివరాలే ముఖ్యమనుకుని ఇలాంటి వాక్యాన్ని వదిలేసే విద్యార్థులను చూసినప్పుడు నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే అలా వదిలేసే అలవాటు పరీక్ష హాలు దగ్గర ఆగిపోదు.

ఇదే ఆలోచన వేరే జబ్బులో ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చూద్దాం. హాస్టల్లో ఉండే 19 ఏళ్ల కుర్రాడు. రాత్రి నుంచి జ్వరం, తలనొప్పి, మెడ వంగడం లేదు. ఉదయానికి మత్తుగా ఉన్నాడు, పిలిస్తే సరిగా పలకడం లేదు. కంటి లోపల చూస్తే నరం మొదలు ఉబ్బి ఉంది. బ్యాక్టీరియా వల్ల వచ్చిన మెనింజైటిస్ అని అనుమానం. దాన్ని తేల్చే పరీక్ష వెన్నులోంచి నీరు తీయడం. కానీ మెదడులో ఒత్తిడి పెరిగినట్టు గుర్తులున్నప్పుడు ముందు తల సీటీ చూడకుండా వెన్నునీరు తీయకూడదు. మెదడు కిందికి జారే ప్రమాదం ఉంటుంది. అందుకని చాలామంది సీటీ అని రాస్తారు. సీటీకి వెళ్లి వచ్చి, రిపోర్టు చూసి, అప్పుడు నీరు తీసి, ఆ తరువాత మందు మొదలుపెట్టేసరికి ఒకటి రెండు గంటలు పోతాయి. ఈ జబ్బులో ఆ గంటల విలువ ప్రాణం. సరైన అడుగు రక్తం కల్చర్‌కు తీసి, వెంటనే డెక్సామెథసోన్, సెఫ్ట్రియాక్సోన్ వంటి మందులు మొదలుపెట్టడం. సీటీ ఆ తరువాత.

మందు ముందే ఇస్తే పరీక్ష పాడవదా అన్న సందేహం న్యాయమైనదే. వెన్నునీటిలో బ్యాక్టీరియా కొన్ని గంటల్లోనే పెరగకుండా పోవచ్చు. అయితే ఆ నీటిలో తెల్లకణాలు, ప్రోటీన్, గ్లూకోజు మార్పులు అంత త్వరగా పోవు, ముందే తీసిన రక్తం కల్చర్ కూడా ఉంటుంది. నిర్ధారణలో కొంత కోల్పోతాం, దానికి బదులుగా మెదడు దక్కుతుంది. అదే కుర్రాడు స్పృహలో ఉండి చక్కగా మాట్లాడుతూ, ఫిట్స్ గానీ, చేయి కాలు పడిపోవడం గానీ, కంటి నరం వాపు గానీ లేకపోతే సీటీ అవసరం లేదు. రక్తం కల్చర్‌కు తీసి వెంటనే వెన్నునీరు తీసి, ఆ వెంటనే మందు ఇవ్వవచ్చు.

ఇక ప్రశ్నలోని చివరి వాక్యం సంగతి. అందులో ఒక మాట మారితే జవాబు మారుతుంది. ‘ఈమెకు అత్యంత సంభవమైన నిర్ధారణ ఏది’ అంటే జబ్బు పేరు చెప్పి ఊరుకోవాలి. ‘నిర్ధారించడానికి మేలైన పరీక్ష’ అంటే రోగి స్థితితో పని లేకుండా అన్నిటికంటే కచ్చితమైనది చెప్పాలి. ‘తొలి పరీక్ష’ అంటే సులువుగా, త్వరగా, ప్రమాదం లేకుండా దారి చూపేది. ‘నెక్స్ట్ బెస్ట్ స్టెప్’ అన్నదొక్కటే పరీక్షకూ చికిత్సకూ మధ్య గీత చెరిపేసి, రెండింటినీ ఒకే వరసలో నిలబెట్టి ఎంచుకోమంటుంది. కాబట్టి కథ కంటే ముందు చివరి వాక్యం చదవడం మంచిది. ఆ తరువాత కథ చదివి, ఆప్షన్లు చూడకముందే మనసులో రెండు ముక్కలు అనుకోవాలి: జబ్బు ఇది, రోగి ఇక్కడుంది. రెండోది చెప్పలేకపోతే జవాబు జోలికి వెళ్లకుండా బీపీ, పల్స్, ఇప్పటికే చేసిన పనులు మరోసారి చదవాలి. 63 సెకన్లలో దీనికి పట్టేది పది పదిహేను సెకన్లు.

మాక్ టెస్ట్ రాశాక తప్పులు చూసుకునేటప్పుడు కూడా ఈ తేడా పెట్టుకోవాలి. ఎక్టోపిక్ ప్రశ్న పోయిందని ఎక్టోపిక్ పాఠం మళ్లీ మొదటి నుంచి చదివే పిల్లలు ఎక్కువ. జబ్బు సరిగ్గా గుర్తించి అడుగు తప్పిన విద్యార్థికి ఆ చదువు వల్ల పెద్దగా లాభం లేదు. తాను ఎంచుకున్న ఆప్షన్ పక్కన, అది తొందరపడిన అడుగా, ఆలస్యమైన అడుగా, ఇప్పటికే అయిపోయినదా అని ఒక్క మాట రాసుకుంటే కొన్ని వారాల్లో తన బలహీనత ఎటువైపో తెలిసిపోతుంది. కొందరు ఎప్పుడూ ఇంకో పరీక్ష కావాలంటారు, కొందరు ఎప్పుడూ ఆపరేషన్ చేసేయమంటారు. జబ్బు ఏదైనా ఆ మొగ్గు మారదు.

ఒక పరిమితి చెప్పకపోతే ఈ విషయం సగమే చెప్పినట్టు. కాగితం మీద ఒక్క అడుగే ఎంచుకోవాలి. క్యాజువాలిటీలో మొదటి కేసు లాంటి మనిషి వస్తే ఒక నర్సు కాన్యులా పెడుతుంటే, హౌస్ సర్జన్ రక్తం గ్రూపుకు పంపుతాడు, ఇంకొకరు థియేటర్‌కు ఫోన్ చేస్తారు, డాక్టరమ్మ మంచం దగ్గరే చిన్న స్కాన్ మిషన్ పెట్టి కడుపులో రక్తం ఉందా అని అరనిమిషం చూస్తుంది. ఆ మంచం పక్కన చూపు వల్ల ఎవరూ ఆగరు కాబట్టి అందులో తప్పు లేదు. రోగిని కదిలించి మరో గదికి పంపి రిపోర్టు కోసం కూర్చోవడమే తప్పు. ప్రశ్నలో ‘స్కాన్’ అన్నప్పుడు ఏ స్కానో, ఎక్కడ చేసేదో చూసుకోవాలన్నది ఇందుకే.

బయట వరండాలో నిలబడ్డ తల్లిదండ్రులకు, అత్తమామలకు ఇదంతా వేరేగా కనిపిస్తుంది. ‘స్కానింగ్ కూడా తీయకుండా కోసేస్తారా డాక్టరుగారూ? ఒకసారి పెద్ద స్కాన్ చేయించి నిర్ణయిద్దామండీ’ అంటారు. వాళ్ల భయం సహజం. రోగం రుజువయ్యాకే వైద్యం అన్నది మామూలుగా మంచి సూత్రమే, డబ్బు కోసం అనవసరపు ఆపరేషన్లు చేస్తారన్న మాటలు కూడా వాళ్లు విని ఉంటారు. వాళ్లకు చెప్పవలసిన జవాబు కూడా పరీక్షలో విద్యార్థి తనకు తాను చెప్పుకునేదే: ‘అమ్మా, స్కాన్‌లో ఏం కనిపించినా ఇప్పుడు చేసేది ఇదే. రక్తం కారుతోంది, ఆగితే మనిషి దక్కదు.’ రెండు వాక్యాల్లో ఇది చెప్పగలిగిన డాక్టరు సంతకం కోసం ఎక్కువసేపు బతిమాలాల్సిన పని ఉండదు. అదే ఆమె నడిచి వచ్చి, బీపీ బాగుండి, 900 అంకెతో ఉన్నప్పుడు వెంటనే ఆపరేషన్ అంటే మాత్రం, ఎందుకు ఆగకూడదని ఇంటివాళ్లు నిలదీసి అడగవలసిందే.

ఆపరేషన్ అయింది, చిట్లిన ట్యూబు తీసేశారు, రక్తం ఎక్కించారు, బీపీ నిలబడింది. ప్రశ్న రాసేవాళ్లు ఇక్కడి నుంచి కూడా మరో ప్రశ్న మొదలుపెట్టగలరు. ఆమె బ్లడ్ గ్రూపు ఓ నెగటివ్ అని వచ్చింది, ఇప్పుడేం చేయాలి? ఆర్‌హెచ్ నెగటివ్ తల్లికి 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇవ్వాలి, లేకపోతే తరువాతి బిడ్డ ఎర్రకణాలకు ముప్పు. డిశ్చార్జి రోజున మరొకటి. ఒకసారి ఎక్టోపిక్ వచ్చినవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి మళ్లీ వచ్చే అవకాశం ఉంది. కాబట్టి ఈసారి నెలసరి తప్పితే నొప్పి కోసం ఎదురుచూడకుండా, యూరిన్ టెస్ట్ పాజిటివ్ రాగానే డాక్టరును కలిసి, ఆరేడు వారాలకు గర్భం ఎక్కడుందో స్కాన్‌లో చూపించుకోమని డిశ్చార్జి కాగితం మీద రాసి, ఆమెతో పాటు వచ్చిన మనిషికీ చదివి చెప్పాలి.